కాళ్లలో మొదలై ఊపిరి దాకా: గులియన్-బారే సిండ్రోమ్

గులియన్-బారే సిండ్రోమ్ నరాల జబ్బు. వార్తల్లో దీన్ని క్లుప్తంగా జీబీఎస్ అంటున్నారు. మెదడు, వెన్నుపాము నుంచి బయటికి వచ్చి కాళ్లకు, చేతులకు, ముఖానికి, ఛాతీకి వెళ్లే నరాల మీద ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి మించి రాని ఈ జబ్బు 2025 జనవరిలో పుణేలోని సింహగఢ్ రోడ్డు పరిసరాల్లో ఒక్కసారిగా విజృంభించింది. అనుమానిత కేసులు రెండు వందలు దాటాయి. ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ జబ్బుతో చేరిన ఒక మహిళ చనిపోవడంతో తెలుగు జిల్లాల్లోనూ ఆందోళన మొదలైంది. అది అంటువ్యాధేమోనని చాలామంది భయపడ్డారు. జీబీఎస్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంటుకునేది దానికి ముందు వచ్చే ఇన్ఫెక్షన్ మాత్రమే.

జబ్బు పడినవారిలో మూడింట రెండు వంతుల మందికి అంతకు ముందు నాలుగు నుంచి ఆరు వారాల లోపు విరేచనాలో, జలుబు, జ్వరమో వచ్చి తగ్గి ఉంటాయి. విరేచనాలైతే ముందుగా అనుమానించాల్సింది కాంపిలోబాక్టర్ జెజునై అనే బాక్టీరియాను. ఇది కలుషితమైన నీటి ద్వారా, సరిగా ఉడకని కోడిమాంసం ద్వారా కడుపులోకి చేరుతుంది. పుణేలోనూ కొందరు రోగుల్లో ఇది కనిపించడంతో అనుమానం తాగునీటి మీదికి వెళ్లింది. ఈ బాక్టీరియా సోకిన వారిలో అత్యధికులకు నాలుగైదు రోజుల్లో విరేచనాలు కట్టుకుంటాయి, అంతటితో కథ ముగుస్తుంది. సుమారు వెయ్యి మందిలో ఒకరికి మాత్రం అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

ఈ బాక్టీరియా పైపొరలో ఉండే కొన్ని చక్కెర అణువుల అమరిక మన నరాల పైన ఉండే గాంగ్లియోసైడ్లు అనే పదార్థాల అమరికను అచ్చంగా పోలి ఉంటుంది. బాక్టీరియాను చంపడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు ఆ పోలిక వల్ల నరాలను కూడా శత్రువులుగానే గుర్తిస్తాయి. యాంటీబాడీలు తగినంతగా తయారు కావడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది. విరేచనాలు తగ్గి, మనిషి తేరుకుని, పనిలో కూడా పడ్డాక కాళ్లలో బలం పోవడానికి కారణం ఈ ఎడమే. అందుకే ఇంట్లోవాళ్లకు ఈ రెండింటికీ సంబంధం ఉందని తోచదు. డాక్టరు అడిగితే తప్ప ఆ విరేచనాల సంగతి ఎవరూ చెప్పరు.

నరం అంటే ప్లాస్టిక్ తొడుగున్న కరెంటు తీగ లాంటిది. మైలిన్ అనే పొర ఆ తొడుగు, లోపలి తీగ ఆక్సాన్. కొందరిలో దాడి మైలిన్ పొర మీద జరుగుతుంది. అప్పుడు సంకేతం నెమ్మదిస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. ఇంకొందరిలో, ముఖ్యంగా కాంపిలోబాక్టర్ తర్వాత వచ్చిన వారిలో, దెబ్బ నేరుగా ఆక్సాన్‌కే తగలవచ్చు. రెంటిలోనూ కండరం ఆరోగ్యంగానే ఉంటుంది, దానికి కదలమనే ఆదేశం అందదు. పాదాలకు వెళ్లే నరాలు ఒంట్లోకెల్లా పొడవైనవి కాబట్టి దెబ్బ తగలడానికి అక్కడ అవకాశం ఎక్కువ. సాధారణంగా జబ్బు కింది నుంచి పైకి పాకడానికి వైద్యులు చెప్పే కారణం ఇది.

మొదటి లక్షణాలు చాలా మామూలుగా ఉంటాయి. అరికాళ్లలో తిమ్మిర్లు, నడుము నొప్పి, మెట్లెక్కుతుంటే కాళ్లు బరువెక్కడం. నీరసమనో, బలం మాత్రలు వాడితే పోతుందనో అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో కాలి చెప్పు తెలియకుండానే జారిపోతుంది, కింద కూర్చున్నవారు చేతులూని కూడా లేవలేరు. పక్షవాతంతో దీనికి పెద్ద తేడా ఉంది. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం సాధారణంగా ఒక పక్కనే, నిమిషాల్లో వస్తుంది. జీబీఎస్‌లో బలహీనత రెండు కాళ్లలోనూ దాదాపు సమానంగా, గంటలు, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరకపోతే అనుమానం బలపడుతుంది.

నిర్ధారణకు వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తారు. ఆ నీటిలో ప్రొటీన్ పెరిగి ఉంటుంది, తెల్లకణాలు మాత్రం పెరగవు. 1916లో ఫ్రెంచ్ సైనిక వైద్యులు జార్జ్ గులియన్, జాన్ అలెగ్జాండ్ర్ బారే, ఆంద్రే స్ట్రోల్ ఇద్దరు సైనికుల్లో గుర్తించి ప్రకటించిన విశేషం ఇదే. మొదటి వారంలో ఈ ప్రొటీన్ మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి రిపోర్టు బాగుందని జబ్బు లేదనుకోవడం పొరపాటు. నరాల్లో సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో చూసే పరీక్ష కూడా చేస్తారు. దాని ఫలితం కూడా తొలి రోజుల్లో స్పష్టంగా ఉండకపోవచ్చు. అనుభవమున్న వైద్యులు రిపోర్టుల కోసం ఎదురుచూడకుండా, రోగిని చూసే చికిత్స మొదలుపెడతారు.

ఈ జబ్బులో ప్రాణం మీదికి వచ్చేది ఊపిరి దగ్గర. ఆసుపత్రిలో చేరినవారిలో సుమారు నాలుగో వంతు మందికి వెంటిలేటర్ అవసరమవుతుంది. ఊపిరి పీల్చడంలో ప్రధానమైన పని పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరానిది. దానికి ఆదేశం తెచ్చే నరం మెడ దగ్గరే వెన్నుపాము నుంచి బయలుదేరుతుంది. మెడను ముందుకు వంచే కండరాల నరాలు కూడా ఆ చుట్టుపక్కల నుంచే వస్తాయి. అందుకే మంచం మీద పడుకున్న రోగిని తల పైకెత్తమని డాక్టర్లు అడుగుతుంటారు. నిన్న ఎత్తగలిగిన తలను ఇవాళ ఎత్తలేకపోతున్నాడంటే డయాఫ్రమ్ కూడా బలహీనపడుతోందని అర్థం చేసుకోవాలి.

కరోనా నాటి నుంచి వేలికి పెట్టే ఆక్సీమీటర్ అందరికీ తెలుసు. ఈ జబ్బులో దాన్ని నమ్ముకోవడం ప్రమాదకరం. ఇక్కడ ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, దెబ్బతిన్నది వాటిని కదిలించే శక్తి. కాస్త గాలి లోపలికి వెళ్లినా రక్తానికి ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది కాబట్టి మీటరు 97, 98 అంటూ చూపిస్తుంది. ఈలోగా రోగి అలసిపోయి లోతుగా పీల్చలేకపోతాడు, దగ్గలేకపోతాడు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మీటరు అంకె పడిపోయే సమయానికి చేతిలో నిమిషాలే మిగలవచ్చు. పైగా ముఖ కండరాలు, ఒళ్లు చచ్చుబడిన మనిషిలో ఆయాసం పైకి కనిపించదు. రోగి ప్రశాంతంగా పడుకున్నట్టే ఉంటాడు.

అందుకే కొలవాల్సింది ఊపిరి బలాన్ని. నిండా గాలి పీల్చి మొత్తం బయటికి వదిలినప్పుడు ఎంత గాలి వస్తుందో స్పైరోమీటర్ చెబుతుంది. దీన్ని వైటల్ కెపాసిటీ అంటారు. ఆరోగ్యవంతుల్లో ఇది కిలో బరువుకు సుమారు 60 నుంచి 70 మిల్లీలీటర్లు. అది 20కి తగ్గినా, మొదటి కొలతతో పోలిస్తే 30 శాతం పైగా పడిపోయినా వెంటిలేటర్‌కు సిద్ధం కావాలి. పరికరం లేనిచోట కూడా ఒక తేలిక పరీక్ష ఉంది. నిండా ఊపిరి పీల్చి, మధ్యలో ఆపకుండా, సెకనుకు రెండు చొప్పున ఒకటి, రెండు, మూడు అంటూ రోగిని లెక్కపెట్టమంటారు. ఆరోగ్యంగా ఉన్నవారు ఒకే ఊపిరిలో నలభై దాకా వెళ్లగలరు. ఇరవైకి లోపే ఆగిపోతున్నారంటే పరిస్థితి తీవ్రమైనట్టే.

ఇలాంటి రోగుల్లో సాధారణంగా కనిపించే క్రమాన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. అరవై కిలోల బరువున్న రైతు. విరేచనాలు తగ్గిన పది రోజులకు పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. మూడో రోజుకు నడవలేక ఆసుపత్రిలో చేరాడు. ఆ ఉదయం వైటల్ కెపాసిటీ 3 లీటర్లు, ఒకే ఊపిరిలో లెక్క 34. సాయంత్రానికి 2.4 లీటర్లు, లెక్క 26. అన్నం కలుపుకోలేక భార్య తినిపిస్తోంది, మంచినీళ్లు తాగుతుంటే పొలమారుతోంది. రాత్రి రెండింటికి కొలత 1.8 లీటర్లు, లెక్క 17. ఆక్సీమీటర్ అప్పటికీ 98 చూపిస్తూనే ఉంది. మొదటి కొలతలో 40 శాతం తగ్గినట్టయింది. ఆ అంకెను చూసి అతన్ని ఐసీయూకి మార్చారు. తెల్లవారుజామున 1.3 లీటర్లకు దిగింది. అతని బరువుకు హద్దు 1.2 లీటర్లే. సొంత లాలాజలం కూడా మింగలేకపోతుండడంతో గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టారు. ఒక్క కొలతను మాత్రమే చూసి ఉంటే ఏమీ తెలిసేది కాదు, వరుసగా తీసుకున్న కొలతలే దారి చూపాయి. ఉదయం ఒకసారి, మర్నాడు ఉదయం మళ్లీ ఒకసారి కొలిచే వార్డులో ఇలాంటి రోగి ఆ మధ్యలోనే కుప్పకూలే ప్రమాదం ఉంది. కొలతలోనూ ఒక చిక్కు ఉంది. ముఖ కండరాలు బలహీనమైన రోగి పెదవులు గట్టిగా బిగించలేడు, గాలి పక్కల నుంచి పోయి అంకె తక్కువగా కనిపిస్తుంది. అలాంటప్పుడు మాస్క్ వాడి కొలవాలి.

ఊపిరితో పాటు గుండెనూ కనిపెట్టుకుని ఉండాలి. రక్తపోటును, గుండె వేగాన్ని నడిపే నరాలు కూడా ఈ దాడికి గురి కావచ్చు. బీపీ ఒక గంట బాగా పెరిగి మరో గంటకు పడిపోతుంది. గొంతులోని కఫాన్ని ట్యూబుతో తీస్తుంటే ఒక్కసారిగా గుండె కొట్టుకోవడం మందగించిన సందర్భాలున్నాయి. నడవగలుగుతున్న రోగికి కూడా మానిటర్ తగిలించి ఉంచడానికి ఇదొక కారణం.

దాడిని తగ్గించడానికి రెండు చికిత్సలున్నాయి. మొదటిది ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు. రోజుకు కిలోకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇస్తారు. పై రైతుకైతే రోజుకు 24 గ్రాములు, మొత్తం 120 గ్రాములు. ఇది దాతల రక్తం నుంచి తీసే మందు కాబట్టి ఖరీదు చాలా ఎక్కువ. రెండోది ప్లాస్మా మార్పిడి. రక్తంలోని ప్లాస్మాను యంత్రంతో వేరుచేసి, దానితో పాటు హాని చేసే యాంటీబాడీలను తొలగిస్తారు. రెంటి ఫలితమూ సమానమే, ఒకదాని తర్వాత మరొకటి చేసినందువల్ల అదనపు లాభం లేదు. బలహీనత మొదలైన రెండు వారాల్లోపు ఇస్తే మేలు ఎక్కువ. మిగతా ఎన్నో రోగనిరోధక జబ్బుల్లో పనిచేసే స్టెరాయిడ్లు దీనికి పనిచేయవని పరీక్షల్లో తేలింది.

ఈ మందులు దెబ్బతిన్న నరాన్ని వెంటనే బాగుచేయవు, జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. చికిత్స మొదలైన తర్వాత కూడా కొన్ని రోజులు బలహీనత పెరగవచ్చు. ఇంజెక్షన్ పడుతోంది కదా అని ఊపిరి కొలతలు ఆపకూడదు. చాలామందిలో జబ్బు రెండు వారాల్లోనే, దాదాపు అందరిలోనూ నాలుగు వారాల్లో గరిష్ఠ స్థాయికి చేరి ఆగుతుంది. కొద్దికాలం నిలకడగా ఉండి, ఆ తర్వాత బలం తిరిగి రావడం మొదలవుతుంది. మైలిన్ పొర మాత్రమే దెబ్బతింటే అది వారాల్లో, నెలల్లో మళ్లీ ఏర్పడుతుంది. ఆక్సాన్ తెగితే మళ్లీ పెరగాలి, అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. నడుము దగ్గర తెగినది పాదం చేరడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. ఆరు నెలలయ్యేసరికి సుమారు 80 శాతం మంది ఎవరి సాయం లేకుండా నడుస్తారు. కొందరికి అలసట, పాదాల్లో మంట ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మంచి చికిత్స ఉన్నచోట కూడా వందలో ముగ్గురు నుంచి ఏడుగురు చనిపోతున్నారు. ఊపిరి అందకపోవడం, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, గుండె లయ తప్పడం, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం వీటికి ప్రధాన కారణాలు. గడ్డలు కట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లూ, రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, కీళ్లు బిగుసుకోకుండా తొలి రోజు నుంచే చేసే ఫిజియోథెరపీ కూడా ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో పాటు చికిత్సలో భాగమే.