అర్ధరాత్రి వచ్చే మృత్యుభయము

పగటిపూట చావు మాట రాని ఇల్లు ఉండదు. ఫలానావారు పోయారని చెప్పుకొంటాము, పన్నెండవనాటి భోజనానికి వెళ్లివస్తాము, బీమా వాయిదా కట్టివస్తాము. అప్పుడు మనకేమీ కాదు. అదే మాట రాత్రి రెండు గంటల వేళ, ఇల్లంతా నిద్రలో ఉండగా, “ఒకనాడు నేనుండను” అని చెవిలో చెప్పినట్లు వచ్చి గుండెలమీద కూర్చుంటుంది. నలభై దాటిన స్నేహితులను మేము నెమ్మదిగా కదిలించి అడిగితే, చాలామంది “మీకూ వస్తుందా!” అని ఎదురు ప్రశ్న వేశారు. ఎవ్వరూ ఇంట్లో చెప్పుకొన్నవారు కారు.

ఇది పిరికివారి జబ్బనుకోనక్కరలేదు. 1869 సెప్టెంబరులో టాల్‌స్టాయ్ ఒక ఎస్టేటు బేరానికి పెన్జా వైపు ప్రయాణమై, దారిలో అర్జమాస్ అనే ఊళ్లో రాత్రికి ఆగాడు. అప్పుడాయనకు 41 ఏళ్లు. పేరు, భార్యాబిడ్డలు, భూములు అన్నీ ఉన్నవి. రాత్రి రెండు గంటలైనది, ఒళ్లు అలసి ఉన్నది, జబ్బేమీ లేదు. హఠాత్తుగా మునుపెన్నడూ ఎరుగని భయము పట్టుకొన్నది. ఈ సంగతి ఆయనే దారినుండి భార్యకు ఉత్తరము వ్రాశాడు. ఆ భయము సంగతి లోకానికి తెలుసు. మాకు మాత్రం తరువాతి ముక్క ముఖ్యమనిపిస్తుంది. ఆయన దిగ్గున లేచి గుర్రాలను కట్టమన్నాడు. వారు కడుతూ ఉండగానే నిద్రపోయాడు. లేచేసరికి మామూలు మనిషి. మరునాడు ఆ భావము మళ్లీ వచ్చినా బాగా తగ్గి వచ్చినది.

అంటే ఆ భయానికీ ఆయుర్దాయము ఉన్నదన్నమాట. అది చాలా కొద్ది.

ఎందుకంటే అది తలపులో పుట్టి ఒంటికి దిగేది మాత్రమే కాదు. చాలాసార్లు ఒంట్లో పుట్టి తలపుకు ఎక్కుతుంది. నిద్ర సుమారు తొంభై నిమిషాల అలలుగా సాగుతుంది. అల చివర మనిషి మెలకువ అంచుకు వచ్చి మళ్లీ లోపలికి పోతాడు. తెల్లవారి అది గుర్తుండదు. వయస్సు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గి ఈ మెలకువలు హెచ్చుతవి. అటువంటి సమయాన ఏదో కారణంచేత శరీరము అపాయమని తలచి ఆడ్రినలిన్‌ను విడిచిపెడితే గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. చీకట్లో లేచిన బుద్ధి ఈ దడకు కారణము వెదకి, దొరికినవాటిలో పెద్దదాన్ని, చావును, పట్టుకొంటుంది.

మా బరంపురంలోనే ఒక రిటైరయిన మాస్టారు గారున్నారు. మొదటిసారి వారికి వచ్చినప్పుడు రెండు చేతుల వేళ్లూ, పెదవుల చుట్టూ చీమలు పాకినట్లయినది. ఊపిరి చాలటము లేదని గబగబ పీల్చారు. నిజానికి ఊపిరి చాలకపోవటము కాదు, ఎక్కువైనది. వేగంగా పీల్చి వదిలితే రక్తంలో ఉండవలసిన బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి ఆ తిమ్మిరి, తల తిరుగుడు వస్తవి. వాటిని చూచి భయము, భయము వలన మరింత ఊపిరి; ఇలా గానుగెద్దులాగా తిరుగుతుంది. కొడుకు ఆటోలో ఆస్పత్రికి తీసుకొనిపోయాడు. ఇ.సి.జి. బాగున్నది. రక్తపోటు మాత్రం కొంచెము హెచ్చు.

ఆస్పత్రికి పోవటము సరియైన పనే. మొదటిసారి ఇటువంటిది వచ్చినవారు ఇది భయమేనని ఇంట్లో కూర్చొని తీర్పు చెప్పుకోరాదు. రొమ్ము నడుమ బరువు పెట్టి నొక్కినట్లుండటము, నొప్పి ఎడమచేతికో దవడకో వీపుకో పాకటము, చల్లని చెమట, వాంతి — వీటిలో ఏది ఉన్నా 108కి ఫోను చేయవలసినదే. మధుమేహము ఉన్నవారికి, ఆడవారికి గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చును. ఇన్సులిన్ తీసుకొనేవారు చెమటతో, వణుకుతో లేస్తే ముందు చక్కెర చూచుకోవాలి. 70కి తక్కువైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. అక్కడ వేదాంతము పనికిరాదు.

డాక్టరు చూచి ఏమీ లేదన్న తరువాత వచ్చే భయమును మాత్రము ఇంట్లో ఎదుర్కొనవచ్చును. మాస్టారు గారు చేసేది ఇది. పడుకొని ఉండరు, మంచము అంచున కూర్చొని రెండు పాదాలూ నేలకు ఆనిస్తారు. గడియారము చూడరు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదులుతారు. వదలటమే ముఖ్యము, దీర్ఘంగా వదిలినకొద్దీ గుండె నెమ్మదిస్తుంది. భయము పొమ్మని తోయరు. పదినిమిషాల్లోపల అది తన శిఖరానికి పోయి, తరువాత దిగుతుంది. ఆ సమయంలో జీవితమును గురించి ఏ నిర్ణయమూ చేయరు.

తలపుతో మాట్లాడటము పగటి పని. ఒకనాటి ఉదయము కాఫీ అందిస్తూ భార్య అడిగినదట: “ఇంతకూ దేనికండీ భయము? పోవటానికా?” మాస్టారు కొంతసేపు ఆలోచించి, “కాదే, మంచాన పడటానికి” అన్నారు. వారి తండ్రి పక్షవాతముతో మూడేళ్లు మంచములో ఉన్నారు. తీయగా తీయగా ఆ పెద్దభయములో ఉన్నది ఇది. పక్షవాతానికి ముఖ్యకారణాలలో రక్తపోటు ఒకటి. మాస్టారు మాత్రలు ఇష్టమైననాడు వేసికొని లేనినాడు మానేవారు. ఇప్పుడు పలక మీద గీత గీసి మరీ వేసికొంటున్నారు. ఇంకొకరికి అది పిల్ల పెండ్లి కావచ్చు, ఇంటి కాగితాలు కావచ్చు. వాటికి పగలు చేయదగిన పనులున్నవి.

ఇవన్నీ తీసివేయగా మిగిలే భయము ఒకటున్నది: ఉండకపోవటము. దానికి మాత్ర లేదు. 1896 జూలై నడుమ, మధురలో పినతండ్రి ఇంటి మేడమీద, పదహారేళ్ల బాలుడు వేంకటరామన్ ఒంటరిగా కూర్చుని ఉండగా ఇదే భయము వచ్చినది. ఒంట్లో రోగము లేదు. పెద్దలను పిలవలేదు, వైద్యుని వద్దకు పోలేదు. కాళ్లు చేతులు బారచాపి శవములాగా పడుకొని, ఊపిరి బిగబట్టి, ఈ దేహము పోతే పోయేదెవరు అని తనను తానే ప్రశ్నించుకొన్నాడు. ఆయనకు 1907లో రమణ మహర్షి అని పేరు పెట్టినది మన తెలుగువారైన కావ్యకంఠ గణపతిముని. ఆయన కనుగొన్నది మనందరికీ ఒక్క రాత్రిలో దొరుకుతుందని మేము అనము. ఒకరు గుర్రాలు కట్టమని పరుగెత్తబోయారు, ఒకరు పడుకొని దాని ముఖము చూచారు; ఇద్దరిలో ఏ ఒక్కరినీ భయము చంపలేదు.

మాస్టారుకు ఇప్పటికీ నెలకొక రాత్రి వస్తూనే ఉన్నదట. పాదాలు నేలకు ఆనించి లెక్క మొదలుపెడతారు. పాతిక ఊపిరులు కాకముందే లెక్క తప్పి, ఒరిగి నిద్రపోతారు. ఆ తరువాత చాలాసేపు మేలుకొని ఉండేది భార్య. “ఆయన గుర్రు వినబడితేగాని నాకు నిద్రపట్టదు బాబూ” అని ఆమె మాతో అన్నది.