ప్రావీణ్య అభ్యసనం: దిద్దుబాటు బోధనకు కాలపట్టికలో చోటు

1963లో జాన్ కారల్ ప్రతిపాదించిన పాఠశాల అభ్యసన నమూనా ఒక చిన్న నిష్పత్తిపై నిలిచింది. ఒక అంశాన్ని నేర్చుకోవడానికి విద్యార్థికి ఎంత కాలం అవసరమో, అతడు వాస్తవంగా ఎంత కాలం వెచ్చించాడో, ఆ రెండింటి నిష్పత్తిని బట్టి అభ్యసన స్థాయి ఏర్పడుతుందని ఆయన భావించాడు. ఈ దృష్టిలో సహజ సామర్థ్యం అంటే నేర్చుకోగలగడం, నేర్చుకోలేకపోవడం అన్న విభజన కాదు; నేర్చుకోవడానికి పట్టే కాలం మాత్రమే. బెంజమిన్ బ్లూమ్ 1968లో ఈ ఆలోచనను తరగతి గదికి అన్వయించి ప్రావీణ్య అభ్యసన విధానాన్ని రూపొందించాడు. పాఠ్యాంశాన్ని చిన్న యూనిట్లుగా విభజించడం, ప్రతి యూనిట్ చివర నిర్మాణాత్మక పరీక్ష పెట్టడం, నిర్ణీత స్థాయిని అందుకోలేనివారికి దిద్దుబాటు బోధన అందించడం, ఆపై సమాంతర ప్రశ్నపత్రంతో పునఃపరీక్ష జరపడం ఇందులోని ప్రధాన సోపానాలు.

ఉపాధ్యాయ విద్యా పాఠ్యగ్రంథాలు ఈ సోపానాలను వివరిస్తాయి గానీ, దిద్దుబాటుకు కావలసిన పీరియడ్లు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్న దగ్గర సాధారణంగా ఆగిపోతాయి. బ్లూమ్ తొలి రచనలో ఈ చిక్కు అంతగా కనిపించకపోవడానికి కారణం ఉంది. పరీక్షా ఫలితాలను సమీక్షించుకోవడానికి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు బృందంగా వారానికి ఒక గంట వరకు కలుసుకోవడం ఆయన సూచించిన మార్గాల్లో ఒకటి. గంట మోగగానే ఉపాధ్యాయుడు మరో తరగతికి వెళ్లవలసిన సాధారణ ఉన్నత పాఠశాలలో ఆ గంటను వెతికి పట్టుకోవడం సులభం కాదు.

కాలం ఖరీదు

ఉదాహరణకు ఏడవ తరగతి గణితాన్ని తీసుకోవచ్చు. వారానికి ఎనిమిది పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు, ఏడాదికి 15 యూనిట్లు ఉన్నాయనుకుందాం. పరీక్షకు అర పీరియడు, దిద్దుబాటుకు రెండు పీరియడ్లు, పునఃపరీక్షకు మరో అర పీరియడు కేటాయిస్తే యూనిట్‌కు మూడు పీరియడ్లు అదనంగా కావాలి. 15 యూనిట్లకు ఇది 45 పీరియడ్లు, అంటే ఐదున్నర వారాలకు పైబడిన గణిత బోధన. గంటల్లో చూస్తే దాదాపు 34. ఆరు సబ్జెక్టుల ఉపాధ్యాయులూ ఇదే పద్ధతిని ఇదే స్థాయిలో పాటిస్తే 200 గంటలు దాటుతుంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు నిర్దేశించిన కనీస బోధనాకాలం ఏడాదికి 220 పని దినాల్లో 1000 గంటలు. అందులో ఐదో వంతు దిద్దుబాటుకే పోతుందన్నమాట.

ఈ లెక్క పద్ధతిని తిరస్కరించడానికి కాదు, దాని ఖరీదును దాచకుండా చూడడానికి. పరిశోధకుల మధ్య సాగిన వాదమంతా దాదాపు ఈ ఖరీదు చుట్టూనే తిరిగింది. కాలాన్ని అందరికీ సమానంగా ఇస్తే సాధన అసమానంగా ఉంటుందని, సాధనను సమానం చేయాలంటే కాలాన్ని అసమానంగా పంచక తప్పదని, ఈ రెండింటిలో ఏదో ఒక అసమానతను ఎంచుకోవలసిందేనని మార్షల్ ఆర్లిన్ 1984లో వాదించాడు. 1987లో రాబర్ట్ స్లేవిన్ చేసిన సమీక్ష మరింత కఠినమైనది. కనీసం నాలుగు వారాలు సాగిన అధ్యయనాలను మాత్రమే ఆయన పరిగణించాడు. ప్రయోగ బృందానికి, నియంత్రిత బృందానికి సమాన కాలం ఇచ్చిన చోట ప్రామాణిక పరీక్షల్లో ప్రావీణ్య అభ్యసన ప్రభావం దాదాపు కనిపించలేదని, పరిశోధకులు స్వయంగా తయారుచేసిన పరీక్షల్లో మాత్రం ఓ మోస్తరుగా కనిపించిందని ఆయన తేల్చాడు. 1990లో కూలిక్ దంపతులు, బాంగర్ట్-డ్రౌన్స్ కలిసి 108 అధ్యయనాలను క్రోడీకరించి, సగటున సుమారు అర ప్రామాణిక విచలనం మేర మెరుగుదల ఉందని చూపారు.

ఈ రెండు నిర్ధారణలను పరస్పర విరుద్ధాలుగా చదవడం పరిపాటి. వాటిలో లెక్కించిన అధ్యయనాలే వేరన్నది గమనించాలి. కూలిక్ బృందం జాబితాలో ఫ్రెడ్ కెల్లర్ వ్యక్తిగత బోధనా పద్ధతిని అనుసరించిన కళాశాల తరగతులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడ విద్యార్థి తన వేగంతో, తన కాలాన్ని వెచ్చించి ముందుకు సాగుతాడు. పాఠశాలలో మొత్తం తరగతి ఒక్కటిగా కదలాలి. కాబట్టి పాఠశాలకు సంబంధించినంతవరకు స్లేవిన్ లేవనెత్తిన సందేహానికే ఎక్కువ బరువివ్వాలి.

ఒక యూనిట్ నడక

కాలం వృథా కాకుండా దిద్దుబాటు జరగాలంటే ఏమి చేయాలో భిన్నాల యూనిట్‌లో స్పష్టంగా చూడవచ్చు. ఇక్కడి సంఖ్యలు వివరణ కోసం కల్పించినవి. తరగతిలో 40 మంది ఉన్నారు. పది ప్రశ్నల పరీక్ష జరిగింది. పదికి ఎనిమిది ప్రావీణ్య స్థాయి. 16 మంది ఆ స్థాయిని అందుకున్నారు, 24 మంది అందుకోలేదు. ఆ 24 మందిని ‘వెనుకబడినవారు’ అని ఒకే గుంపుగా చూస్తే దిద్దుబాటు అక్కడే విఫలమవుతుంది. జవాబులను పరిశీలిస్తే మూడు వేర్వేరు దోషాలు బయటపడతాయి. 11 మంది లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడారు. వారి దృష్టిలో 2/3 + 1/4 అంటే 3/7. ఏడుగురు హారాల క.సా.గు. 12 అని సరిగ్గా కనుగొన్నారు గానీ లవాలను మార్చకుండా 3/12 అని రాశారు. మిగిలిన ఆరుగురు కూడికను సరిగ్గానే చేశారు, రాత సమస్యల్లో ఏ ప్రక్రియ వాడాలో తేల్చుకోలేకపోయారు.

మొదటి బృందానికి క.సా.గు. సూత్రాన్ని మళ్లీ చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. అది మొదటిసారి కూడా చెప్పారు. 3/7 సగం కంటే తక్కువ, 2/3 సగం కంటే ఎక్కువ అని కాగితపు పట్టీలపై వారే కొలిచి చూసినప్పుడు, ఒక సంఖ్యకు మరొకటి కలిపితే మొత్తం తగ్గిందేమిటన్న ప్రశ్న వారిలోనే పుడుతుంది. రెండవ బృందానికి కావలసింది సమాన భిన్నాల అభ్యాసం: 2/3 అంటే 8/12, 1/4 అంటే 3/12, మొత్తం 11/12. మూడవ బృందానికి లెక్కలు చేయనవసరం లేదు, సమస్యలను చదివి ప్రక్రియను పేర్కొంటే చాలు. ఉపాధ్యాయుడు మొదటి పీరియడులో ఎక్కువ భాగం మొదటి బృందంతో, రెండవ పీరియడులో రెండవ బృందంతో కూర్చుని, మూడవ బృందాన్ని ఎనిమిది మార్కులు దాటినవారిలో ఇద్దరి సాయంతో నడపవచ్చు. తక్కినవారికి సమృద్ధీకరణ కృత్యాలు ఇవ్వాలి. అదే రకం లెక్కలు మరో ఇరవై ఇస్తే అది సమృద్ధీకరణ కాదు, త్వరగా నేర్చుకున్నందుకు విధించిన శిక్ష.

ప్రశ్నపత్ర నిర్మాణంలోనే సగం పని ఉంది. 1/2 + 1/4 వంటి లెక్కలో ఒక హారం రెండవదానికి గుణిజం కనుక, క.సా.గు. తెలియని విద్యార్థి కూడా నెట్టుకురాగలడు, దోషం బయటపడదు. పునఃపరీక్షలో అవే సంఖ్యలు వస్తే పరీక్షించేది జ్ఞాపకశక్తినే. అందుకు బదులు 3/5 + 1/4 ఇస్తే, పాత దోషం ఉన్నవారు 4/9 అని రాస్తారు; దోషం తొలగిందో లేదో ఒక్క జవాబుతో తెలుస్తుంది. పునఃపరీక్షలో 15 మంది స్థాయిని అందుకున్నారనుకుంటే మొత్తం 31 మంది అవుతారు, తొమ్మిది మంది మిగులుతారు. వారి కోసం తరగతిని మరోసారి ఆపడం సాధ్యం కాదు. తరువాతి యూనిట్‌కు అవసరమైన పూర్వజ్ఞానం వరకే ఎంచుకుని, ఆ యూనిట్ తొలి పీరియళ్లలో వారికి అందించడం ఆచరణీయం.

గంటలు, మార్కులు, తేదీలు

ఒక్కో జవాబుపత్రానికి రెండు నిమిషాలు పట్టినా 40 పత్రాలకు 80 నిమిషాలు, అంటే దాదాపు రెండు ఖాళీ పీరియడ్లు కావాలి. మూడు సెక్షన్లు బోధించే ఉపాధ్యాయుడికి ఇది నాలుగు గంటల పని. దిద్దడం వారం ఆలస్యమైతే దిద్దుబాటు బోధనకు అర్థం ఉండదు, తరగతి అప్పటికే తరువాతి యూనిట్‌లో ఉంటుంది. అందుకే పత్రాలను పిల్లలు మార్చుకుని తరగతిలోనే దిద్దడం, దోషాల వారీగా చేతులు ఎత్తించి లెక్కించడం మేలు. పరీక్షను శుక్ర, శనివారాల్లో కాక మరుసటి రోజు గణిత పీరియడు ఉన్న రోజున పెట్టడం కూడా చిన్న విషయంగా కనిపించే పెద్ద విషయం.

బడి ముగిశాక దిద్దుబాటు జరపవచ్చన్న సలహా తరచుగా వినిపిస్తుంది. పొరుగు ఊళ్ల నుంచి ఒకే బస్సు మీద ఆధారపడి వచ్చే పిల్లలకు అది అందదు. అదనపు సాయం ఎక్కువగా అవసరమైనవారు వారిలోనూ ఉంటారు. వ్యాయామ, చిత్రలేఖన పీరియడ్లను తీసుకోవడం ఇంకో అలవాటు. దీనివల్ల ఇతర ఉపాధ్యాయుల సహకారం పోవడమే కాక, పిల్లలకు దిద్దుబాటు ఒక జరిమానాగా తోస్తుంది.

మరో అడ్డంకి మూల్యాంకన విధానంలో ఉంది. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు జరుగుతాయి. పేరు బ్లూమ్ వాడిందే అయినా, వాటి గడువులు విద్యా క్యాలెండర్‌ను బట్టి వస్తాయి, యూనిట్ ముగింపును బట్టి కాదు. మార్కులు రికార్డుకు ఎక్కుతాయి. మార్కు నమోదైన పరీక్షలో విద్యార్థి తన దోషాన్ని బయటపెట్టడానికి కాక కప్పిపుచ్చడానికి ప్రయత్నిస్తాడు. దీనికి విరుగుడుగా మొదటి పరీక్షను పూర్తిగా లెక్కలోకి తీసుకోకుండా పునఃపరీక్ష మార్కునే నమోదు చేస్తే మరో సమస్య వస్తుంది: రెండవ అవకాశం ఎలాగూ ఉందని కొందరు మొదటి పరీక్షకు చదవడం మానేస్తారు. అప్పుడు దిద్దుబాటు బృందంలో నేర్చుకోలేనివారితో పాటు చదవనివారూ చేరి రెండు పీరియడ్లూ పలచబడతాయి. పునఃపరీక్షకు ముందు దిద్దుబాటు కృత్యాన్ని పూర్తిచేసి చూపాలన్న నియమం ఈ బెడదను చాలావరకు తగ్గిస్తుంది.

ఎన్ని యూనిట్లకు?

పై లెక్కలను బట్టి, 15 యూనిట్లకూ ఈ పద్ధతిని వర్తింపజేయాలన్న ప్రణాళిక మొదటి త్రైమాసికంలోనే కుప్పకూలే అవకాశం ఎక్కువ. సిలబస్ వెనుకబడుతుంది, దిద్దుబాటు రెండు పీరియళ్ల నుంచి ఒకటికి, ఒకటి నుంచి పది నిమిషాలకు కుదించుకుపోతుంది, చివరికి రిజిస్టరులో మాత్రమే మిగులుతుంది. ప్రావీణ్య స్థాయిని ఎనిమిది నుంచి ఆరుకు దించడం కూడా ఈ దశలోనే జరుగుతుంది. తరువాతి అంశాలు ఆధారపడే యూనిట్లకే పరిమితం కావడం మేలు. ఏడవ తరగతిలో పూర్ణసంఖ్యలు, భిన్నాలు, సామాన్య సమీకరణాలు, నిష్పత్తి, బీజీయ సమాసాలు అటువంటివి. ఈ ఐదింటికి 15 పీరియడ్లు, రెండు వారాల లోపే సరిపోతాయి. సౌష్ఠవం వంటి యూనిట్‌లో ఒక విద్యార్థి ఆరు మార్కుల దగ్గర ఆగిపోయినా, ఆ లోటు సమీకరణాల సాధనను అడ్డుకోదు.

బ్లూమ్ వాదంలో కాలపట్టికకు ఊరటనిచ్చే అంశం ఒకటుంది: తొలి యూనిట్లలో దిద్దుబాటుకు వెచ్చించిన కాలం తరువాతి యూనిట్లలో తిరిగి వస్తుంది, ఎందుకంటే పూర్వజ్ఞానం సరిపడా ఉన్న విద్యార్థులకు దిద్దుబాటు అవసరం తగ్గుతుంది. ఇది జరుగుతోందో లేదో ఉపాధ్యాయుడు ఒక్క కాగితంపై చూసుకోవచ్చు. పునఃపరీక్ష ఫలితాలను కాక, ప్రతి కీలక యూనిట్ మొదటి పరీక్షలో స్థాయిని అందుకున్నవారి సంఖ్యను వరుసగా రాసుకుంటే చాలు. భిన్నాల్లో 16 ఉన్నది సమీకరణాల నాటికి 22కు, బీజీయ సమాసాల నాటికి 27కు చేరితే పెట్టిన కాలం తిరిగి వస్తున్నట్లు. ఏడాది చివరికీ 16 దగ్గరే నిలిచి, పునఃపరీక్షలో మాత్రం ప్రతిసారీ 31 కనిపిస్తుంటే, దిద్దుబాటు పీరియళ్లలో జరుగుతున్నది రాబోయే పునఃపరీక్షకు తర్ఫీదు మాత్రమే. ఆ పీరియళ్లలో ఏం చెబుతున్నారో, రెండవ ప్రశ్నపత్రం మొదటిదానికి ఎంత దగ్గరగా ఉందో అప్పుడు పరిశీలించాలి.