నెట్‌ఫ్లిక్స్ ప్రొఫైల్‌లో భాష మార్చాలా? డిస్‌ప్లే లాంగ్వేజ్ ఒక్కటే మారిస్తే సరిపోదు!

ఇంట్లో ఎవరో సెట్టింగ్స్ కెలికారు, టీవీలో నెట్‌ఫ్లిక్స్ మెనూ మొత్తం హిందీలోకి మారిపోయింది. టైటిళ్లు దేవనాగరిలో వస్తున్నాయి. కొత్త సిరీస్ పెడితే హిందీ ఆడియోతోనే మొదలవుతోంది. ఇలా అయితే యాప్ డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు. ఎందుకంటే ఈ సెట్టింగ్ టీవీలో కాదు, మీ ప్రొఫైల్‌లో ఉంటుంది. ఆ ప్రొఫైల్‌ను ఫోన్‌లో ఓపెన్ చేసినా అదే భాష వస్తుంది. అదే అకౌంట్‌లోని మిగతా ప్రొఫైల్స్‌కు మాత్రం ఏమీ కాదు.

సరిచేయడానికి బ్రౌజరే సులువు. netflix.com/account ఓపెన్ చేసి Profiles లోకి వెళ్లి, మీ ప్రొఫైల్ ఎంచుకుని, Languages మీద క్లిక్ చేయండి. మెనూ అర్థంకాని భాషలో ఉంటే, ముందు ఇంగ్లిష్‌లో ఉన్న వేరే ప్రొఫైల్‌తో లోపలికి వెళ్లండి. అక్కడి నుంచే పాడైన ప్రొఫైల్‌ను మార్చొచ్చు.

ఇక్కడ రెండు ఆప్షన్లు ఉంటాయి, చాలామంది తికమకపడేది వీటి దగ్గరే. Display Language అంటే మెనూ, టైటిల్ పేర్లు, కథ వివరణ కనిపించే భాష. డిఫాల్ట్ ఆడియో, సబ్‌టైటిల్స్ కూడా చాలావరకు దీన్నే అనుసరిస్తాయి. Shows & Movies Languages అంటే మీరు చూడాలనుకునే భాషలు. ఇందులో తెలుగుకు టిక్ పెడితే మెనూ మారదు, కానీ ఆ భాష కంటెంట్ సజెషన్స్‌లో ఎక్కువగా వస్తుంది, ప్లేయర్‌లోని ఆడియో జాబితాలోనూ తెలుగు కనిపించే అవకాశం పెరుగుతుంది. మెనూ ఇంగ్లిష్‌లో, సినిమాలు తెలుగులో కావాలనుకునేవాళ్లకు ఈ రెండోదే అసలు పని చేసేది. మా సలహా: మొదటిది ఇంగ్లిష్, రెండోదాంట్లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ. తర్వాత Save నొక్కడం మర్చిపోకండి.

సేవ్ చేసినా టీవీలో పాత భాషే ఉందా? వేరే ప్రొఫైల్‌కు మారి మళ్లీ వెనక్కి రండి. అప్పటికీ మారకపోతే సైన్ అవుట్ చేసి లాగిన్ అవ్వండి.

ఇప్పుడు 'మనీ హైస్ట్' ప్లే చేసి చూడండి. అసలు సిరీస్ స్పానిష్‌లో ఉంది, ఐదో పార్ట్ 2021లో వచ్చినప్పుడు తెలుగు డబ్బింగ్ కూడా ఇచ్చారు. అయినా ఇంగ్లిష్‌లోనే మొదలైతే, ప్లేయర్‌లో Audio & Subtitles ఓపెన్ చేసి తెలుగు ఎంచుకోండి. ఆ ఎంపికను ప్రొఫైల్ గుర్తుపెట్టుకుంటుంది.

ఒకవేళ అక్కడ తెలుగే లేకపోతే? అది సెట్టింగ్స్ సమస్య కాకపోవచ్చు, హక్కుల సమస్య కావచ్చు. ఉదాహరణకు 'ఆర్ఆర్ఆర్' తెలుగు వెర్షన్ జీ5కి వెళ్లింది, నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చింది హిందీ వెర్షన్. అలాంటి సినిమాకు ప్రొఫైల్ ఎన్నిసార్లు మార్చినా తెలుగు ఆడియో రాదు!