వేలమంది చేరినా తగ్గని నష్టభయం

అనంతపురంలో వేరుశనగ రైతులకు బీమా చేస్తున్నామనుకుందాం. ఒక్కో రైతు నష్టం సగటుకు అటూ ఇటూ ఊగే కొలత, అంటే ప్రామాణిక విచలనం, 10,000 రూపాయలనుకోండి. దాని వర్గమే విస్తృతి.

ఒకరి నష్టానికీ మరొకరి నష్టానికీ సంబంధం లేకపోతే విస్తృతులను కూడితే చాలు. 100 మందికి మొత్తం విచలనం లక్ష రూపాయలు, అంటే తలకు 1,000. అదే 10,000 మందైతే తలకు 100కు దిగుతుంది. బీమా వ్యాపారం నమ్ముకునేది దీన్నే.

కానీ వాన ముఖం చాటేస్తే అందరి పొలాలూ ఎండుతాయి. ఏ ఇద్దరి నష్టాల మధ్యనైనా సహసంబంధం 0.2 అనుకోండి. చూడ్డానికి చిన్నదే. అయినా ఇప్పుడు ప్రతి జంటా లెక్కలోకి వస్తుంది:

nσ² + n(n−1)ρσ²

100 మందిలో సొంత పదాలు 100, జంట పదాలు 9,900. దాంతో మొత్తం విస్తృతి 20.8 రెట్లవుతుంది, తలకు విచలనం 4,561 రూపాయలు. మరి 10,000 మందిని చేర్చితే? 4,473. అంతే! ఎన్ని లక్షల మంది చేరినా √0.2 × 10,000, అంటే సుమారు 4,472 కిందికి అది దిగదు. విడివిడి దురదృష్టాలు ఒకదాన్నొకటి సర్దుకున్నాక మిగిలే ఉమ్మడి కరువు భయం ఇదే. ఇక్కడ జనాన్ని పెంచి లాభం లేదు. వేరే వానలు పడే ప్రాంతాలను కలుపుకోవాలి, లేదా పునర్బీమా కొనాలి.

ρ రుణాత్మకమైతే? అది −1/(n−1) కంటే కిందికి పోలేదు, పోతే విస్తృతే సున్నాకు దిగువకు జారుతుంది. ముగ్గురికి ఆ హద్దు −0.5, వందమందికి దాదాపు −0.01 మాత్రమే.