కాగ్నా ఒండ్రు – కృష్ణపై రెండు ఆనకట్టలు: జూరాల, శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రాల తులనాత్మక పరిశీలన

వికారాబాదు అనంతగిరి కొండల్లో పుట్టిన కాగ్నా నది తాండూరు, యాలాల్, బషీరాబాద్ ప్రాంతాల మీదుగా కర్ణాటకలోకి సాగి భీమా నదిలో కలుస్తుంది. భీమ రాయచూరుకు ఉత్తరాన కృష్ణలో చేరుతుంది. యాలాల్ చేలల్లో తొలకరి వానకు కోసుకుపోయిన నల్లరేగడి మట్టి సహజంగా సాగితే హంసలదీవి వద్ద సముద్రతీరానికి చేరవలసినది. ఇప్పుడు ఆ దారిలో జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ వరుసగా ఉన్నాయి.

జలవిద్యుత్తు పర్యావరణహితమా కాదా అన్న చర్చలో సాధారణంగా ఆనకట్టను, విద్యుత్ కేంద్రాన్ని ఒకటిగా భావిస్తారు. నష్టాలలో కొన్ని నీటి నిల్వ వల్ల, కొన్ని నీటి మళ్లింపు వల్ల, కొన్ని మాత్రమే టర్బైన్ల నిర్వహణ వల్ల కలుగుతాయి. ఒకే నదిపై ఉన్న జూరాల, శ్రీశైలాలను పక్కపక్కన ఉంచితే ఈ భేదం తెలుస్తుంది. 1995లో పూర్తయిన జూరాల నిల్వ సామర్థ్యం ఇప్పుడు సుమారు 9.66 టీఎంసీలు, విద్యుత్ స్థాపిత సామర్థ్యం 234 మెగావాట్లు. శ్రీశైలం నిల్వ 215.81 టీఎంసీలు, కుడిగట్టున 770, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 900 కలిపి 1,670 మెగావాట్లు. అంటే విద్యుత్ సామర్థ్యం ఏడు రెట్లు కాగా, నిల్వ ఇరవై రెండు రెట్లు. ఒక్కో మెగావాటుకు శ్రీశైలం జూరాల కంటే మూడు రెట్ల నీటిని నిలుపుతున్నది. ఈ అదనపు నిల్వ సాగునీటి కోసం, వరద నీటిని వేసవికి దాచుకోవడం కోసం కూడా. కనుక దాని భారాన్నంతా విద్యుత్తు ఖాతాలో వేయడం సరికాదు.

పూడిక

జలాశయం ఎంత ఒండ్రును పట్టుకుంటుందో అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే బ్రూన్ వక్రరేఖకు ఆధారం ఒకే నిష్పత్తి: నిల్వ సామర్థ్యాన్ని వార్షిక ప్రవాహంతో భాగిస్తే వచ్చేది. రెండు చోట్లా ఏటా 800 టీఎంసీలు వస్తాయని లెక్క సౌలభ్యం కోసం అనుకుందాం. జూరాల నిష్పత్తి 0.012, ఆ వక్రరేఖ ప్రకారం వచ్చిన ఒండ్రులో దాదాపు సగం అక్కడ ఆగుతుంది. శ్రీశైలం నిష్పత్తి 0.27; అక్కడ నూటికి తొంభై వంతులకు పైగా ఆగిపోతుంది. వరద రోజుల్లో జూరాల గేట్లన్నీ ఎత్తితే నీటితో పాటు మట్టి కూడా సాగిపోగలదు. శ్రీశైలంలో నీరు రోజుల తరబడి నిలుస్తుంది గనుక సన్నని బంకమట్టి సైతం అడుగుకు చేరుతుంది.

శ్రీశైలం మొదటి సామర్థ్యం 308.06 టీఎంసీలు. తరువాతి సర్వేల ప్రకారం అది 215.81కి తగ్గింది, తేడా 92 టీఎంసీలు, అంటే ముప్పై శాతం. ఈ తేడానంతా పూడికగా చదవడంలో కొంత జాగ్రత్త అవసరం. తొలి లెక్క నీరు నిండక ముందు గీసిన సమోన్నత రేఖలపై ఆధారపడింది, తరువాతివి నీటిలో లోతు కొలిచి చేసినవి. కొలత పద్ధతి మారినప్పుడు వచ్చే వ్యత్యాసం కూడా అందులో కలిసి ఉంటుంది. పూడికను నిర్ధారించాలంటే ఒకే పద్ధతిలో, వేర్వేరు సంవత్సరాల్లో చేసిన సర్వేలనే పోల్చాలి. మరొక సంగతి: ఒండ్రు ముందుగా ఆనకట్ట పాదం వద్ద ఉన్న మృతనిల్వలోనే చేరుతుందన్న పాత ప్రణాళికా భావన నిలబడలేదు. ముతక ఇసుక జలాశయం తల భాగంలోనే, ప్రవాహ వేగం తగ్గిన చోటనే దిగబడి మేటగా పెరుగుతుంది. అది తినివేసేది ఉపయోగపడే నిల్వనే.

ముంపు

శ్రీశైలం జలాశయంలో సుమారు వంద గ్రామాలు మునిగాయి. లక్షకు పైగా జనం కదలవలసి వచ్చింది. 1981 వేసవిలో ఇళ్లను కూల్చి మరీ గ్రామాలను ఖాళీ చేయించారు. నాటి 1894 భూసేకరణ చట్టం భూమికి, ఇంటికి ధర కట్టిందే తప్ప కూలీని, కౌలుదారుని, నదిపై బతికే బెస్తవానిని లెక్కలోకి తీసుకోలేదు. నిర్వాసిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అన్న 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 1986లో, అంటే ఐదేళ్ల తరువాత వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఊరికి అంతటి శ్రద్ధ దక్కలేదు.

ముంపు విస్తీర్ణాన్ని నిర్ణయించేది పూర్తి జలాశయ మట్టం, ఇక్కడ 885 అడుగులు. టర్బైన్లను ఎలా నడిపినా అది మారదు. 308 టీఎంసీల ప్రయోజనం కోసం మునిగిన గ్రామాలు, నిల్వ 216కు తగ్గినంత మాత్రాన బయటపడవు. ప్రయోజనం ఏటేటా తరుగుతుంది, ముంపు శాశ్వతం. ప్రాజెక్టుల లాభనష్టాల పట్టికల్లో ఈ రెండింటినీ ఒకే కాలావధికి లెక్కించడం పెద్ద లోపం.

మీథేన్

జలాశయపు అడుగున ప్రాణవాయువు తగ్గిన చోట మునిగిన చెట్లు, ఆకులు, ఒండ్రుతో వచ్చిన సేంద్రియ పదార్థం కుళ్లి మీథేన్ పుడుతుంది. అది లోతు తక్కువ ఉన్న అంచుల్లో బుడగలుగా లేస్తుంది. ఉపరితలం నుంచి నెమ్మదిగా విడుదలవుతుంది. మూడవ దారి విద్యుత్ కేంద్రానికి ప్రత్యేకమైనది. లోతు నుంచి తీసిన నీరు టర్బైన్ దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, సోడా సీసా మూత తీసినట్లు, కరిగి ఉన్న వాయువు బయటికి వస్తుంది. కాబట్టి జలాశయ ఉపరితలంపై మాత్రమే కొలిచిన పరిశోధనలు విద్యుత్ కేంద్రం వాటాను తక్కువగా చూపుతాయి.

క్షేత్ర కొలతలు లేనప్పుడు ‘విద్యుత్ సాంద్రత’ ఒక స్థూల సూచిక. శ్రీశైలం జలాశయ వైశాల్యం సుమారు 615 చదరపు కిలోమీటర్లు. 1,670 మెగావాట్లను దానితో భాగిస్తే చదరపు మీటరుకు 2.7 వాట్లు. క్యోటో ఒప్పందం కింద కర్బన పరపతి ఇచ్చే స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం కొత్త జలాశయాలకు పెట్టిన కనీస హద్దు 4 వాట్లు. ఆ కొలమానంతో నేడు ప్రతిపాదిస్తే శ్రీశైలానికి అర్హత ఉండదు. అయితే ఈ సూచిక స్థాపిత సామర్థ్యాన్నే చూస్తుంది. 900 మెగావాట్ల ఎడమగట్టు కేంద్రం లేనప్పుడు ఇదే జలాశయపు సాంద్రత 1.25 మాత్రమే, యంత్రాలు పెరిగితే సాంద్రత పెరిగింది గాని అడుగున కుళ్లేది తగ్గలేదు. పైగా శ్రీశైలం మట్టం ఏటా పదుల అడుగులు దిగుతుంది. బయటపడిన ఒండ్రు నేలపై గడ్డి, పైరు మొలుస్తాయి. మళ్లీ వరదకు అవి మునుగుతాయి. మొదట మునిగిన అడవి కుళ్లిపోయాక ఉద్గారం ఆగిపోతుందన్న వాదం ఇటువంటి జలాశయానికి పూర్తిగా వర్తించదు.

దిగువ నది

ఒండ్రు వదిలించుకున్న తేట నీరు దిగువన అడుగును, గట్లను కోస్తుంది. శ్రీశైలం దిగువన నల్లమల లోయ రాతిమయం కావడం, ఆ వెంటనే సాగర్ వెనుకజలాలు మొదలు కావడం వల్ల ఆ కోత అక్కడ కంటికి కనిపించదు. దాని ఫలితం డెల్టాలో తేలుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, విజయవాడ వద్ద 1960ల చివరిలో ఏటా సుమారు 90 లక్షల టన్నులుగా ఉన్న తేలియాడే ఒండ్రు 2000–2005 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. అదే అధ్యయనం డెల్టా తీరం వెనక్కి జరగడాన్ని కూడా నమోదు చేసింది. సముద్రానికి చేరే నీరు కూడా బాగా తగ్గింది. కానీ టర్బైన్ నీటిని ఖర్చు చేయదు, ఆ తగ్గుదలకు ప్రధాన కారణం కాలువలు, ఎత్తిపోతలు. విద్యుత్ కేంద్రం చేసే మార్పు పరిమాణంలో కాదు, వేళలో. సాయంకాలపు గిరాకీకి యంత్రాలు తిప్పి, ఆపై ఆపివేస్తే దిగువ నీటిమట్టం గంటల్లో పెరిగి తగ్గుతుంది. ఒడ్డు పలుచని నీటిలో పెట్టిన చేపగుడ్లు ఎండిపోతాయి. ‘నదీప్రవాహ ఆధారిత’ కేంద్రం అనిపించుకున్న జూరాలకు కూడా ఈ దోషం నుంచి మినహాయింపు లేదు.

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకం ఆయకట్టు పరిధిలో వికారాబాదు జిల్లా కూడా ఉంది. శ్రీశైలం వెనుకజలాల నుంచి నీటిని విద్యుత్తుతో ఎత్తే ఆ పథకపు జలాశయాలు నదికి దూరంగా ఉంటాయి గనుక వాటిలో పూడిక తక్కువగా చేరుతుంది. ముంపు మాత్రం వాటికీ ఉంది. యాలాల్ వైపు నీరు తిరిగి రావచ్చు గాని, కాగ్నా మోసుకుపోయిన మట్టి శ్రీశైలం అడుగుననే ఉంటుంది.