ఫెరిటిన్ నార్మలే, ఐరనే లేదు

నేను ల్యాబ్ డాక్టర్‌ని. మనుషులకన్నా వాళ్ల రక్తంతోనే నాకు పరిచయం ఎక్కువ. ఆ రోజు మాత్రం ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని నేరుగా నా గదికే వచ్చింది. 52 ఏళ్లుంటాయి. చేతివేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా కీళ్లవాతమట. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కూతురు ప్లాస్టిక్ కవర్లోంచి రిపోర్టులు తీసి బల్లమీద పరిచింది.

"హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర కూడా లేదు మేడమ్. ఐరన్ టెస్టు చేయిస్తేనేమో నార్మల్ అన్నారు. మరి రక్తం ఎందుకు తగ్గుతోంది?"

సిబిపి కాగితం చూశాను. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. దాని కింద అందరూ దాటేసి పోయే రెండు వరుసలున్నాయి. ఎంసీవీ 69, ఆర్‌డీడబ్ల్యూ 18.9. ఎంసీవీ అంటే ఎర్రకణాల సగటు పరిమాణం. అది 80 నుంచి 100 మధ్య ఉండాలి కాబట్టి ఈవిడ కణాలు బాగా చిన్నవి. ఆర్‌డీడబ్ల్యూ ఆ కణాల మధ్య ఎంత తేడా ఉందో చెబుతుంది. మామూలుగా 14.5 దాటదు.

ఎర్రకణం చిన్నదవడానికి మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. ఒకటి ఐరన్ లోపం, రెండోది పుట్టుకతో వచ్చే తలసీమియా ట్రెయిట్. రెండోదాన్ని ఇడ్లీ పాత్రతో పోల్చవచ్చు. గుంటలే చిన్నవి, అందుకే ఇడ్లీలన్నీ చిన్నవే, కానీ అన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఐరన్ లోపం పునుగుల వాయి లాంటిది. పిండి నిండుగా ఉన్నప్పుడు వేసినవి పెద్దవి, గిన్నె అడుగంటేకొద్దీ చిటికెడంతవి. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఐరన్ ఉన్న రోజుల్లో పుట్టిన కణాలూ, తగ్గాక పుట్టినవీ ఒకే నరంలో కలిసి తిరుగుతుంటాయి. అందుకే తేడా పెరుగుతుంది. ఇది గట్టి సూచనే తప్ప తీర్పు కాదు. తలసీమియా ట్రెయిట్‌లోనూ ఆర్‌డీడబ్ల్యూ పెరిగినవాళ్లను చూశాను.

స్లైడు తెప్పించి మైక్రోస్కోపు కింద పెట్టాను. కొలబద్ద స్లైడులోనే ఉంటుంది. మామూలు ఎర్రకణం చిన్న లింఫోసైటు కేంద్రకమంత ఉండాలి. ఇక్కడ చాలా కణాలు అందులో సగమే ఉన్నాయి. కణం నడుమ మూడోవంతు మేర ఉండాల్సిన తెల్లదనం అంచుదాకా పాకి, చుట్టూ సన్నని గులాబి రంగు గీత మాత్రమే మిగిలింది. అక్కడక్కడా పెన్సిల్ ముక్కల్లాంటి పొడవాటి కణాలు. చూపుకి ఐరన్ లోపమే. కవర్లో ఆరేళ్ల నాటి పాత సిబిపి కూడా దొరికింది. అందులో ఎంసీవీ 86. పుట్టుకతో వచ్చే లోపమైతే అప్పుడూ చిన్నగానే ఉండాలి కదా! తలసీమియా మాట అక్కడితో పక్కన పెట్టాను.

మరి ఐరన్ టెస్టు నార్మల్ అని ఎలా వచ్చింది? చేయించింది ఫెరిటిన్ ఒక్కటే. 62 వచ్చింది. ఆ ల్యాబు హద్దులు 13 నుంచి 150 కాబట్టి పక్కన నక్షత్రం గుర్తు పడలేదు.

ఫెరిటిన్ అంటే మన ఇంటి గాదె లాంటిది. ఐరన్ నిల్వ అందులో ఉంటుంది. మిగతా జబ్బులేవీ లేనివాళ్లకి అది 15 కన్నా తగ్గితే గాదె ఖాళీ అయినట్టే లెక్క. చిక్కేమిటంటే ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది. కీళ్లవాతం, ఇన్‌ఫెక్షన్, కాలేయం జబ్బు, ఏదైనా సరే. గాదెలో గింజలు పెరగలేదు, బయట కట్టిన లెక్క పెరిగిందంతే. అందుకే వాపు ఉన్న పెద్దవాళ్లలో 70 కన్నా తక్కువ ఉన్నా ఐరన్ లోపంగానే అనుమానించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఈవిడ సీఆర్‌పీ 38. ఉండాల్సింది 5 లోపు. నార్మల్ అని అచ్చయిన ఆ 62ని నమ్మడానికి లేదు.

గాదెని నమ్మలేనప్పుడు బండ్ల లెక్క చూడాలి. ఐరన్ రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే బండ్ల మీద ప్రయాణిస్తుంది. సీరమ్ ఐరన్ అంటే ఆ పూట బండ్ల మీదున్న సరుకు. టీఐబీసీ అంటే అన్ని బండ్లూ కలిసి మోయగలిగే బరువు. సరుకుని ఆ బరువుతో భాగిస్తే వచ్చే శాతమే శాచురేషన్. సీరమ్ ఐరన్ ఒక్కటే చూస్తే మోసపోతాం. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది, ఐరన్ బిళ్ళ వేసుకుంటే కొన్ని గంటలు పైకి ఎగబాకుతుంది. అందుకే ముందురోజు నుంచి బిళ్ళ ఆపి, మర్నాడు పరగడుపున రమ్మన్నాను.

సీరమ్ ఐరన్ 24, టీఐబీసీ 342, శాచురేషన్ 7 శాతం. ఇరవై కన్నా తక్కువంటేనే కరువు. వాపు ఒక్కటే కారణమైనా సీరమ్ ఐరన్ పడిపోతుంది. ఎందుకంటే వాపు సమయంలో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదిలి గాదెకి తాళం వేయిస్తుంది. అయితే అప్పుడు బండ్లు కూడా తగ్గి, టీఐబీసీ చాలావరకు 250 కిందికి దిగుతుంది. అచ్చంగా ఐరన్ లోపమే అయితే సరుకు కోసం శరీరం బండ్లు పెంచుతుంది, టీఐబీసీ 400 దాటుతుంది. ఈవిడది నడుమ నిలిచింది. ఒకటి పైకి, ఒకటి కిందికి లాగితే వచ్చే అంకె అది. కీళ్లవాతం చాటున నిజమైన ఐరన్ లోపం దాక్కుంది. ఇంకా సందేహముంటే ఎముక మజ్జ తీసి నీలి రంగు స్టెయిన్ వేసి నిల్వల్ని కళ్లతోనే చూడవచ్చు కానీ, అంతదాకా పోవలసిన పని పడలేదు.

అసలు ప్రశ్న ఆ తర్వాతిది. ఐరన్ ఎటు పోయింది? నెలసరి ఆగి నాలుగేళ్లయింది. ఆ వయసులో ఆకుకూర తినలేదని సరిపెట్టుకోకూడదు, కడుపులో, పేగుల్లో వెతకాలి. "నొప్పులకి ఏం వేసుకుంటారమ్మా?" అని అడిగాను.

"మందుల షాపులో ఇచ్చే బిళ్ళే. రోజూ పొద్దునొకటి, రాత్రొకటి. అది లేందే పొయ్యి దగ్గర నిలబడలేను."

విరేచనం నల్లగా అవుతోందట, అది ఐరన్ టానిక్ వల్లే అనుకుందట. టానిక్ వల్ల కూడా నల్లబడుతుంది, నిజమే. దానివల్లే రక్తస్రావం నెలల తరబడి ఎవరి కంటా పడలేదు. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనబడింది. అది దొరికింది కదా అని ఆగకుండా పెద్దపేగు కూడా చూశారు. అక్కడేమీ లేదు.

నొప్పి బిళ్ళ మాన్పించి, కీళ్లవాతానికి అసలు మందు మొదలుపెట్టారు. పుండుకి ఇచ్చే ఆమ్లం తగ్గించే మందు ఐరన్ ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. పైగా హెప్సిడిన్ తాళం పేగు దగ్గర కూడా పడి ఉంది. అందుకే బిళ్ళలు కాకుండా నరం ద్వారా ఐరన్ ఎక్కించారు. ఆ వెంటనే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే ఎక్కించినదే అంకెగా కనబడి తప్పుదారి పట్టిస్తుంది. కొన్ని వారాలు ఆగమని చెప్పాను.

నెల తర్వాత కూతురు ఫోన్ చేసింది. హిమోగ్లోబిన్ 10.6 అయింది కానీ ఆర్‌డీడబ్ల్యూ 24 అట. "అమ్మకి ఇంకా ఎక్కువైందా మేడమ్?"

స్లైడు మళ్లీ చూశాను. పాత చిన్నకణాల పక్కనే నిండుగా ఎర్రబడ్డ కొత్త కణాలు. రెండు వాయిలు ఒకే పళ్లెంలో పోసినట్టుంది. తేడా పెరగకుండా ఎలా ఉంటుంది? ఎక్కువైంది జబ్బు కాదని చెప్పాను. నాలుగో నెలకి ఆ పాత కణాల ఆయుష్షు తీరింది. ఎంసీవీ 84, ఆర్‌డీడబ్ల్యూ 14.2.