కుర్చీలో మొదలై మిగ్‌లోకి

దుండిగల్ వైమానిక దళ అకాడమీలో కొత్త కేడెట్ రాత్రిపూట కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, లేని స్టిక్‌ను లాగుతూ తనలో తాను గొణుక్కుంటుంటే కంగారు పడక్కర్లేదు. అది చెయిర్ ఫ్లయింగ్. మర్నాడు ఏ క్షణంలో ఏ స్విచ్ వేయాలో, ఏ మాట అనాలో చేతులకు అలవాటు చేసుకోవడం. కాక్‌పిట్‌లో కళ్లకు గంతలు కట్టి, పలానా స్విచ్ ముట్టుకో అంటారు. తడుముకుంటే ఇంకా సిద్ధం కానట్టే.

తొలి విమానం పిలాటస్ పీసీ-7. వెనక సీట్లో ఇన్‌స్ట్రక్టర్. రన్‌వే చుట్టూ తిరిగి దిగడం, మళ్లీ లేవడం, రోజూ ఇదే. ఒకరోజు వెనక సీటు ఖాళీగా ఉంటుంది. ఒక్క చుట్టు తిరిగి ఒంటరిగా దిగితే సోలో అయినట్టు.

ఆ తర్వాత దారులు చీలతాయి. కొందరు రవాణా విమానాలకు, కొందరు హెలికాప్టర్లకు, మిగిలినవాళ్లు ఫైటర్లకు. కేడెట్ మార్కులతో పాటు దళం అవసరాన్ని బట్టి కూడా ఇది తేలుతుంది.

అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ దారిలో వెళ్లారు. హకీంపేటలో కిరణ్ జెట్ నేర్చుకుని, 2016 జూన్ 18న దుండిగల్ పరేడ్‌లో అధికారులయ్యారు. అక్కడి నుంచి బీదర్, హాక్ విమానం.

హాక్ లేని రోజుల్లో పెద్ద చిక్కుండేది. నెమ్మదిగా పోయే కిరణ్ దిగి కుర్రాళ్లు నేరుగా మిగ్-21 ఎక్కేవారు. మిగ్ రన్‌వే మీద దిగేదే గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో. దాని చిన్న త్రికోణపు రెక్కలు వేగం తగ్గాక విమానాన్ని మోయలేవు. ఇంజిన్ శక్తి కాస్త ఎక్కువ తగ్గించారో, బరువుగా కిందికి జారిపోతుంది. అప్పుడు పవర్ పెంచినా పాత జెట్ ఇంజిన్ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నేల దగ్గర ఆ సెకన్లు ఉండవు. మధ్యలో ఒక మెట్టు కావాలని 1980లలోనే లా ఫాంటెన్ కమిటీ చెప్పినా, హాక్ వచ్చింది మాత్రం 2008లో. ఈ ఆలస్యానికి సమర్థన వెతకడం కష్టం.

బీదర్‌లో వేగంతో పాటు ఒంటి మీద పడే బరువూ నేర్పుతారు. గట్టిగా మలుపు తిప్పితే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. ముందు రంగులు వెలిసిపోతాయి, తర్వాత చూపు గొట్టంలా కుంచించుకుపోతుంది. అప్పుడే కాళ్లు, కడుపు బిగించి, ఊపిరి బిగబట్టి కొన్ని సెకన్లకోసారి చటుక్కున వదిలి పీల్చాలి. ఆలస్యమైతే స్పృహే పోతుంది.

2018 ఫిబ్రవరి 19న జామ్‌నగర్‌లో అవని మిగ్-21 బైసన్‌ను ఒంటరిగా నడిపింది. బైసన్‌లో ఉండేది ఒకే సీటు. అందుకే ముందు రెండు సీట్ల మిగ్ శిక్షణ విమానంలో ఇన్‌స్ట్రక్టర్ పక్కాగా పరీక్షించాకే వదిలేవారు.

సోలో అయినంత మాత్రాన యుద్ధానికి పంపరు. భావనా కాంత్ అదే ఏడాది మార్చిలో బైసన్ సోలో పూర్తిచేస్తే, పగటి పోరాట విధులకు అర్హత దక్కింది 2019 మేలో. రాత్రి విధులకు మళ్లీ వేరే శిక్షణ ఉంటుంది.